తింటే తగ్గే మంట

వేడి పాలు ఆత్రంగా తాగితే నాలుక చివర చుర్రుమని కాలుతుంది కదా, ఆ కాలిన బాధ మర్నాటికి పోతుంది. నాకు పోలేదు. అప్పటికి నాకు 52 ఏళ్లు, నెలసరి ఆగి రెండేళ్లు దాటింది. వేడిది ఏదీ తాగకుండానే ఒకరోజు నాలుక కొసన, రెండు పక్కల అంచులా, పై పెదవి లోపల అదే మంట మొదలైంది. అద్దం ముందు నాలుక చాపి ఎంత వెతికినా పుండు లేదు, పూత లేదు, ఎరుపు కూడా లేదు.

పొద్దున్న లేచేసరికి దాదాపు ఏమీ ఉండేది కాదు. తొమ్మిదింటికి మెల్లగా మొదలై, మధ్యాహ్నానికి పెరిగి, సాయంత్రం ఏడయ్యేసరికి మాట్లాడబుద్ధి కానంతగా మండేది. నోట్లో ఇనుప ముక్క పెట్టుకున్నట్టు ఒక చేదు రుచి. ఉమ్మి ఊరుతూనే ఉన్నా నోరు ఎండిపోయినట్టు ఉండేది.

మొదట పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాను. నోటి పూత అయి ఉంటుందని పూసుకునే మందు ఇచ్చారు. అది పూసుకున్న పది నిమిషాలు మొద్దుబారినట్టుండి మళ్లీ మామూలే. తర్వాత ఇంకొకరు ఫంగస్ అనుకుని రెండు వారాల మందు రాశారు. మార్పు లేదు. బి కాంప్లెక్స్ బిళ్లలు నేనే కొనుక్కుని మింగాను. ఈ తిరుగుళ్లలో ఐదు నెలలు గడిచాయి. రాత్రిళ్లు ఇది క్యాన్సరేమో అనే భయం. ఆ భయం మంటకంటే ఎక్కువ నలిపింది నన్ను.

చివరికి నోటి జబ్బులు మాత్రమే చూసే ఓరల్ మెడిసిన్ డాక్టర్ దగ్గర కూర్చున్నాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మా, అన్నం తినేటప్పుడు ఎలా ఉంటుంది మీకు?”

అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు నేను. తింటున్నంతసేపూ మంట తగ్గిపోయేది. చెబితే ఇంట్లోవాళ్లు, “తినేటప్పుడు బాగానే ఉంది కదా, ఇంకేం జబ్బు?” అంటారని దాచుకున్నాను. ఆ మాట ఆవిడతో అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ రాసుకుంటూ, “మీరు ఇప్పుడు చెప్పిందే చాలా ముఖ్యమైన గుర్తు” అన్నారు.

పుండు ఉన్న నోటికి, ఫంగస్ పట్టిన నోటికి, లైకెన్ ప్లేనస్ అనే చర్మ, నోటి జబ్బు ఉన్న నోటికి తిండి తగిలితే మామూలుగా మంట ఎక్కువవుతుంది. పైగా వాటికి కంటికి కనపడే గుర్తు ఏదో ఒకటి ఉంటుంది. లైకెన్ ప్లేనస్‌లో బుగ్గల లోపల తెల్లటి దారాల అల్లికలాంటి గీతలు కనిపిస్తాయి. ఫంగస్‌లో తుడిస్తే వచ్చే తెల్లటి పొర, లేదా ఉట్టి ఎరుపు. ఇనుము, బి12 బాగా తగ్గితే నాలుక మీది బుడిపెలు పోయి నున్నగా అవుతుంది. నాకున్నట్టు చూడ్డానికి అంతా మామూలుగా ఉండి, రెండు పక్కలా మండుతూ, రోజూ రెండు గంటలకు మించి, మూడు నెలలకు పైగా ఉంటే అప్పుడు బర్నింగ్ మౌత్ సిండ్రోమ్, అంటే నోరు మండే జబ్బు, అని అనుమానిస్తారట. తింటే తగ్గడం ఈ జబ్బు ఉన్నవాళ్లందరికీ ఉండదు గానీ, ఉంటే మాత్రం పెద్ద ఆధారం.

క్యాన్సర్ గురించి కూడా అడిగాను. ఒకే పక్కన మానని పుండు, గడ్డ, ఎర్రటి లేదా తెల్లటి మచ్చ మూడు వారాలు దాటి ఉంటే వెంటనే చూపించుకోవాలి, మీకు అలాంటిది లేదు అని నాలుక కింద, గొంతు మొదలు దాకా చూసి చెప్పారు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

అయినా ఆవిడ ఆ పేరు వెంటనే పెట్టలేదు. ఇది మిగతావన్నీ లేవని తేలాకే పెట్టే పేరు. నాలుక మీంచి గీరి ఫంగస్ పరీక్షకు పంపారు. రక్తంలో ఇనుము, బి12, ఫోలేట్, షుగర్, థైరాయిడ్ చూశారు. కొన్ని బీపీ మందులు, ఎనలాప్రిల్ లాంటివి, నోటి మంట తెస్తాయి కాబట్టి నేను వాడే మాత్రల చీటీ తెప్పించుకున్నారు. అందులో అలాంటిది లేదు. పరీక్షల్లో ఒక్కటే తేడా వచ్చింది: ఫెరిటిన్ 14. ఇనుము నిల్వలు తక్కువ. కారణం దొరికిందని నేను పొంగిపోయాను. మూడు నెలలు ఐరన్ వేసుకుంటే ఫెరిటిన్ 48కి చేరింది. నీరసం పోయింది. మంట మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. అప్పుడు తేలింది, ఇనుము లోపం ఉన్న మాట నిజమే కానీ మంటకు కారణం అది కాదని.

మరి కారణమేమిటి? నాలుక పైపొరలో ఉండే సన్నటి నరాల కొసలు ఈ జబ్బులో పలచబడతాయని నాలుక ముక్క తీసి చూసినవాళ్లు గమనించారు. రుచి తెలిపే నరం మామూలుగా నొప్పి నరాన్ని కొంత అణచి ఉంచుతుందనీ, అది బలహీనపడితే నొప్పి నరం అడ్డూ అదుపూ లేకుండా మోగుతుందనీ ఒక వివరణ. తిండి రుచి తగలగానే మంట ఎందుకు తగ్గుతుందో ఆ వివరణతో నాకు అర్థమైంది. ఇది కల్పన కాదు, నరాల బాధ అని మావారికి కూడా ఆవిడే చెప్పారు. ఆ ఒక్క మాటతో ఇంట్లో నా పరిస్థితి మారింది.

వైద్యంలో నాకు ఎక్కువ పనికొచ్చింది నరాలను శాంతపరిచే క్లోనజెపామ్ అనే మందు. మింగడానికి కాదు. 1 మిల్లీగ్రాము బిళ్లను మంట ఉన్నచోట మూడు నిమిషాలు చప్పరిస్తూ ఉంచి, తర్వాత ఉమ్మెయ్యాలి. రోజుకు మూడుసార్లు, మొదట రెండు వారాలు అలా చేయమన్నారు. ఉమ్మేసినా కొంత ఒంట్లోకి పోతుంది. మొదటి మూడు రోజులు మగతగా ఉండి నేను బండి నడపలేదు. అలవాటు పడే మందు కాబట్టి డాక్టర్ చెప్పకుండా తీసుకోకూడదు, హఠాత్తుగా ఆపకూడదు. పదో రోజుకి సాయంత్రం మంట పదికి ఏడు నుంచి నాలుగుకు దిగింది. ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ కూడా రెండు నెలలు వాడాను. కొందరికి పనిచేసిందంటారు, నాకు తేడా తెలియలేదు.

మిగతావి చిన్న మార్పులే. నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్, ఘాటు పుదీనా, దాల్చిన చెక్క లేని పేస్టుకు మారాను. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పారేశాను. మంట పెరిగే వేళకు ముందే మంచు ముక్క నోట్లో పెట్టుకోవడం, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలడం బాగా ఆదుకున్నాయి. నాలుకను తెలియకుండా పళ్లకేసి ఒత్తుకునే అలవాటు నాకుందని మా అమ్మాయి పట్టుకుంది. “అమ్మా, నాలుక!” అని అది గుర్తు చేసినప్పుడల్లా వదులు చేసుకునేదాన్ని. నొప్పిని తట్టుకునే తీరు నేర్పే కౌన్సెలింగ్‌కు ఎనిమిదిసార్లు వెళ్లాను. నొప్పి ఉన్నా భయం తగ్గితే నొప్పి కొలత కూడా తగ్గడం చూశాను.

ఇప్పటికి ఏడాదిన్నర. పూర్తిగా పోలేదు. పొద్దున్న సున్నా, సాయంత్రం రెండు. బిళ్లను మెల్లగా తగ్గిస్తూ వచ్చి ఇప్పుడు రాత్రి ఒక్కసారే చప్పరిస్తున్నాను. వచ్చే నెల అది కూడా సగం చేద్దామన్నారు డాక్టర్ గారు.