క్షమించలేదు, కానీ నిద్ర పడుతోంది

"ఆపరేషన్ అయ్యాక ఆడవాళ్లకి టెన్షన్ ఎక్కువవుతుందమ్మా. ఈ మాత్ర వేసుకుని పడుకోండి, పొద్దున్నకి సర్దుకుంటుంది."

ఆ డ్యూటీ డాక్టరు నాతో అన్నది ఇంతే. తర్వాత మావారి వైపు తిరిగి, "కొంచెం ధైర్యం చెప్పండి" అన్నాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

చీలమండ విరిగితే ప్లేటు వేశారు. ఆ కాలు కింద పెట్టొద్దన్నారు కాబట్టి మంచమే లోకం. మూడో వారంలో పిక్క వాచి గట్టిపడి, వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండేది. కట్టు వల్లేమో అనుకున్నాం. ఒక రాత్రి బాత్రూముకి వెళ్లొచ్చేసరికి ఊపిరి అందలేదు, గాలి పీల్చినప్పుడల్లా కుడి పక్కటెముకల దగ్గర కత్తితో పొడిచినట్టు నొప్పి. ఆసుపత్రిలో చూస్తే నాడి 118, ఆక్సిజన్ 93. ఈసీజీ తీసి, నాడి వేగంగా ఉండటం తప్ప ఏమీ లేదన్నారు. నిద్ర మాత్ర చేతిలో పెట్టి ఇంటికి పంపారు.

ఆ రాత్రి పడుకుంటే ఊపిరి ఆగిపోతుందేమోనని దిండ్లు వెనక పెట్టుకుని కూర్చున్నాను. భయపడుతున్నానంటే ఆ డాక్టరు మాట నిజమవుతుందని, భయం కూడా బయటికి చెప్పలేదు. ఒకసారి లేపితే మావారు, "డాక్టరే చెప్పారుగా, కాసేపు కళ్లు మూసుకో" అన్నారు. తెల్లవారుజామున మంచం దిగబోయి పడిపోయాను. వేరే ఆసుపత్రి, స్కాన్, రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తపు గడ్డలు. కాలి సిరలో పుట్టి పైకి వెళ్లాయట. పొట్టలో ఇంజెక్షన్లు, తర్వాత రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు 3 నెలలు. అదంతా మామూలు వైద్యమే, బాగా చేశారు. రాత్రిపూట నా ఊపిరి వినడానికే నా పక్కన కాసేపు నిలబడి వెళ్లిన నర్సమ్మకి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

తర్వాత తెలిసి ఒళ్లు మండిన సంగతి ఒకటుంది. ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమోనని అనుమానించడానికి డాక్టర్ల దగ్గర వెల్స్ స్కోర్ అని ఒక లెక్క ఉంది. గత 4 వారాల్లో ఆపరేషన్ జరిగితే 1.5, నాడి 100 దాటితే 1.5, కాల్లో గడ్డ లక్షణాలు, అంటే వాపు, సిర వెంట నొక్కితే నొప్పి, ఉంటే 3. మొత్తం 4 దాటితే గడ్డ ఉండే అవకాశం ఎక్కువని తీసుకుని స్కాన్ వైపు వెళ్లాలి. నాకు 6. ఇందులో ఒకటి నా కట్టు చూస్తే తెలుస్తుంది, ఒకటి మెషీన్ మీద కనిపిస్తోంది, ఇంకోటి దుప్పటి తీసి పిక్క పట్టుకుంటే తెలిసేది. ఆ డ్యూటీ డాక్టరు దుప్పటి తీయలేదు.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు బాధ. ప్రతి రాత్రీ పడుకోగానే మనసులో ఆ డాక్టరుతో వాదన. నేను అడుగుతాను, ఆయన తడబడతాడు, నేను ఇంకో ప్రశ్న వేస్తాను. చేతికున్న వాచీ చూస్తే నాడి 104. అంతే, ఊపిరి బిగుసుకునేది. ఇది కోపమా, మళ్లీ గడ్డా? రెండూ ఒకే వేషంలో వస్తాయి, ఎలా తేల్చుకోవడం? నా ఒంటి మాట నేను నమ్మకుండా చేసి పోయాడు ఆ మనిషి. గడ్డ కరిగింది గానీ ఇది కరగలేదు.

ఇక చుట్టుపక్కల వాళ్లు. పెద్దమ్మ వచ్చి, "క్షమించెయ్యవే తల్లీ, నీ మనశ్శాంతి కోసమే" అంది. వదిన ఒక ప్రవచనం పంపింది. ప్రేమతోనే, కాదనను. కానీ తప్పు చేసినవాడు హాయిగా నిద్రపోతుంటే, నా శాంతికి కావలసిన పని కూడా నా నెత్తినే పెట్టారనిపించి ఇంకా మండేది. పైగా క్షమించలేకపోతే అది మళ్లీ నా లోపమే అన్నట్టు!

క్షమిస్తే ఆరోగ్యమని ఊరికే అనడం లేదు, దానికి ఆధారం ఉంది. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో 71 మందిని, తమను బాధపెట్టిన మనిషిని తలుచుకోమన్నారు. గాయాన్ని నెమరువేసినప్పుడు, పగ పట్టినప్పుడు గుండె వేగం, రక్తపోటు పెరిగాయి. ఆ మనిషి వైపు నుంచి ఆలోచించినప్పుడు, క్షమిస్తున్నట్టు ఊహించినప్పుడు అంత పెరగలేదు. నా వాచీ చెప్పినదీ అదే. కానీ ఆ పోలికలో ఒకవైపు నెమరువేత, ఇంకోవైపు క్షమ. నెమరువేయడం మానేసి, క్షమించకుండా కూడా ఊరుకున్నవాళ్లు అందులో లేరు. నేను చివరికి వెళ్లింది ఆ దారినే.

దారి చూపించింది రెండో ఆసుపత్రి ఊపిరితిత్తుల డాక్టరుగారు. ఒక చెకప్‌లో ఫైలు మొత్తం చదివి, "ఆ రాత్రి మీరు చెప్పినవన్నీ సరిగ్గానే చెప్పారు. అప్పుడే స్కాన్‌కి పంపి ఉండాల్సింది" అన్నారు. ఏడ్చేశాను. తప్పు చేసినవాడు ఒప్పుకోకపోయినా, తెలిసినవాళ్లు ఒకరు అది తప్పేనని గట్టిగా చెబితే సగం బరువు దిగుతుందని నాకు తెలీదు. రాత్రి నేను వాదించేది గెలవడానికి కాదు, ఆ ఒక్క మాట వినడానికి అని అప్పుడు అర్థమైంది. వినేశాక వాదన దానంతటదే పలచబడింది.

ఆవిడే ఇంకో సాయం కూడా చేశారు. ఆలోచిస్తూ కూర్చున్నప్పుడు ఆయాసం వచ్చి, కాసేపటికి తగ్గి, ఆక్సిజన్ ఎప్పటిలాగే ఉంటే కంగారు పడొద్దన్నారు. నడిస్తే పెరుగుతున్నా, ఊపిరి పీల్చినప్పుడు పొడిచినా, కాలు వాచినా, దగ్గులో రక్తం పడినా వెంటనే రమ్మన్నారు, అనుమానంగా ఉన్నా రావచ్చన్నారు. "వస్తే నవ్వుతారేమో అనుకోకండి" అని కూడా అన్నారు. అది మందు కన్నా ఎక్కువ పని చేసింది.

మావారి సంగతి వేరు. ఆసుపత్రిలోనే నా చెయ్యి పట్టుకుని, "నువ్వు లేపినప్పుడు లేవాల్సింది, నాదే తప్పు" అన్నారు. ఆయన్ని క్షమించడానికి నేను ఏ ప్రయత్నమూ చెయ్యలేదు, ఆ మాటతోనే అయిపోయింది. అందుకే డాక్టరు విషయంలో అవ్వకపోవడం నా మనసు రాయి కావడం వల్ల కాదని నాకు ధైర్యంగా తెలుసు. అక్కడ అందుకోవడానికి ఏమీ ఇవ్వలేదు ఎవరూ.

క్షమ మీద చాలాకాలం పని చేసిన ఎవరెట్ వర్తింగ్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని రెండుగా విడదీశాడు: ఇక ప్రతీకారం కోరను అని నిర్ణయించుకోవడం ఒకటి, లోపల భావం మారడం ఇంకొకటి. మొదటిది నేను చేశాను. ఆ డ్యూటీ డాక్టరుకి చెడు జరగాలని కోరుకోవడం లేదు, ఆ సమయానికి ఎన్నో గంటలుగా డ్యూటీలో ఉన్నాడేమో కూడా. రెండోది రాలేదు. దేవుడు ఎప్పుడైనా ఇస్తే తీసుకుంటాను, పూజ చేసి మరీ అడగను.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎవరినైనా "టెన్షన్" అని పంపేస్తుంటే, "దేన్ని చూసి గడ్డ కాదంటున్నారు, అది కాగితం మీద రాయండి" అని అడగమని మా ఇంట్లో అందరికీ నేర్పాను. ఆసుపత్రికి ఫిర్యాదు కూడా పెట్టాను. "మీకు కలిగిన అసౌకర్యాన్ని గమనించాం" అని జవాబొచ్చింది. అసౌకర్యమట! నాకు క్షమాపణ అక్కర్లేదు, ఆపరేషనైన మనిషి ఆయాసంతో వస్తే ఆ స్కోరు వేసి చూడాలనే నియమం మీ దగ్గర ఉందా లేదా, అది చెప్పండని తిరిగి రాశాను. దానికి జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ రాస్తాను.