మొత్తం గంటలు సరిపోయినా పని సరిపోలేదు: మా స్ప్రింట్ ప్లానింగ్ అనుభవం

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో స్క్రమ్ ఎక్సర్‌సైజ్‌గా మా ఐదుగురికి కాలేజీ లైబ్రరీ యాప్ ఇచ్చారు. పది పనిదినాల స్ప్రింట్, అంటే అనుకున్న పనిని ఆ గడువులోనే పూర్తి చేయాలి. క్లాసులు అయ్యాక ఒక్కొక్కరం రోజుకి 3 గంటలు ఇవ్వగలం. అంటే మొత్తం 150 గంటలు.

ముందు సెలవుల గంటలు తీసేశాం. ఒకతనికి అక్క పెళ్లి, మూడు రోజులు రాడు. ఇంకొకామెకి ల్యాబ్ పరీక్షలు, రెండు రోజులు. ఐదు రోజులకి 15 గంటలు పోయి 135 మిగిలాయి.

తర్వాత మీటింగ్‌లు. రోజూ 15 నిమిషాల డైలీ స్క్రమ్, ప్లానింగ్‌కి 2 గంటలు, రివ్యూ, రెట్రోస్పెక్టివ్, రిఫైన్‌మెంట్ ఒక్కోదానికి గంట. మనిషికి 7.5 గంటలు. అయితే సెలవు రోజున డైలీ స్క్రమ్ కూడా ఉండదు కదా, దాన్ని మళ్లీ తీసేస్తే ఒకే సమయాన్ని రెండుసార్లు కోసినట్టవుతుంది. అందుకని 37.5 కాకుండా 36.25 గంటలే తీసి, 98.75 దగ్గర ఆగాం. సందేహాలు, ల్యాప్‌టాప్ తిప్పలు లాంటివాటికి దాన్ని 0.8తో గుణిస్తే 79 వచ్చింది. ఈ 0.8లో మీటింగ్‌లను మళ్లీ కలపకూడదు, వాటిని అప్పటికే తీసేశాం.

ఏ పని ముందు చేయాలో నిర్ణయించే ప్రొడక్ట్ ఓనర్‌గా ఉన్న క్లాస్‌మేట్ జాబితాలో ముందుగా పెట్టిన స్టోరీలకి, అంటే యాప్‌లో చేయాల్సిన పనులకి, 74 గంటలు పడతాయని లెక్క తేలింది. "79 ఉన్నాయిగా, తీసేసుకోండి" అంది.

నాకెందుకో అనుమానం వచ్చి, అదే లెక్క మనిషివారీగా వేశాను. పూర్తిగా ఉండే ముగ్గురికి తలా 18 గంటలు. పెళ్లికి వెళ్లే అతనికి 11.4, పరీక్షలున్న ఆమెకి 13.6. బ్యాకెండ్ పని తెలిసింది సరిగ్గా ఈ ఇద్దరికే! వాళ్లిద్దరికీ కలిపి 25 గంటలుంటే బ్యాకెండ్ పని 34 గంటలుంది. మొత్తం అంకె ఈ సంగతిని పూర్తిగా దాచేసింది. నా దృష్టిలో కెపాసిటీ పట్టికలో పేరు పక్కన నైపుణ్యం రాసే గడి తప్పనిసరి.

జరిమానా లెక్కించే స్టోరీని వెనక్కి పంపమని ప్రొడక్ట్ ఓనర్‌ని అడిగాం. దాంతో బ్యాకెండ్‌లో 10, ఫ్రంటెండ్‌లో 4 గంటలు తగ్గుతాయి. ఆమె మొదట ఒప్పుకోలేదు. "అది లేకపోయినా పుస్తకం రిజర్వ్ చేసుకోవచ్చా?" అని అడిగితే కాసేపు ఆలోచించి, సరే అంది. మా స్ప్రింట్ గోల్ రిజర్వేషనే కదా. ఖాళీ అయిన చోట 6 గంటల సెర్చ్ ఫిల్టర్, 8 గంటల టెస్టింగ్ పెట్టాం. మొత్తం మళ్లీ 74 గంటలే, కానీ ఇప్పుడు బ్యాకెండ్ 24, మిగతా ముగ్గురికి 50.

రిజర్వేషన్ పూర్తయింది, టెస్టింగ్‌లో కొంత మిగిలింది. రాసుకున్న గంటలు కూడితే అసలు పనికి 69 పట్టాయి. 98.75లో అది దాదాపు 0.7. తర్వాతి స్ప్రింట్‌కి 0.8 తీసేసి ఆ అంకెతోనే లెక్క మొదలుపెట్టాం.