మూడో కోణం కాగితాల్లో దొరకదు

మోసానికి ఒత్తిడి, అవకాశం, సమర్థన కలిసి రావాలన్న ఆలోచనకు మూలం, అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెస్సీ నమ్మకద్రోహ నేరాలకు జైలుపాలైన వారిని ప్రశ్నించి చేసి, 1953లో పుస్తకంగా ప్రచురించిన పరిశోధన. ఒక ఆడిట్‌లో అది నాకు స్పష్టంగా కనిపించింది. బ్యాంకు రుణ షరతు ప్రకారం ఆ సంస్థ లాభం ఒక స్థాయికి తగ్గకూడదు, అది ఒత్తిడి. సేల్స్ ఇన్వాయిస్ తయారుచేసేదీ ఆమోదించేదీ ఒకే మేనేజరు, అది అవకాశం. ఈ రెండూ ఫైళ్లలోనే దొరికాయి. మూడో కోణమైన సమర్థన, అంటే చేసేది తప్పు కాదని తనకు తాను చెప్పుకోవడం, మాత్రం ఆ మేనేజరు మాటల్లో దొర్లింది: "ఆర్డరు చేతిలో ఉన్నాక సరుకు ఈ నెల వెళ్తేనేం, వచ్చే నెల వెళ్తేనేమండీ?"

ఆ మాట సాక్ష్యం కాదు, పైగా ఆయన ఎంతో మర్యాదస్తుడు. అయితే ఏ కాగితాన్ని నమ్మాలన్నది దానితో మారింది. ఆయన సిబ్బందే రాసే గేట్ పాసులను పక్కనపెట్టి, ఏడాది చివరి వారపు ఇన్వాయిస్‌లకు లారీ రసీదులను నేరుగా రవాణా సంస్థ నుంచి తెప్పించి, తర్వాతి నెల క్రెడిట్ నోట్లతో పోల్చి చూశాం. కొన్నింటికి రసీదే లేదు. అవే ఇన్వాయిస్‌లు ఆ తర్వాతి నెల మొదట్లో క్రెడిట్ నోట్లతో రద్దయ్యాయి.

కొనుగోలుదారుడు కుమ్మక్కైతే ఈ పరీక్ష పనిచేయదు, ఎందుకంటే సరుకు నిజంగానే వెళుతుంది, లారీ రసీదూ ఉంటుంది. అందుకే కొనుగోలుదారుల నుంచి ధ్రువీకరణ కోరేటప్పుడు బాకీ మొత్తంతో సరిపెట్టకుండా, సరుకు వెనక్కి ఇచ్చే ఒప్పందం విడిగా ఏదైనా ఉందా అని కూడా అడుగుతున్నాను.