బోరు నీళ్ల కరపత్రం కోసం చాట్‌బాట్‌కు ప్రాంప్టు రాసిన తీరు: నా అనుభవం

నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించడానికి ఫ్లోరైడ్ నీళ్ల గురించి ఒక పేజీ కరపత్రం కావలసి వచ్చింది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇళ్లకు వస్తున్నాయి. అయినా పత్తి ఏరడానికో, కలుపు తీయడానికో వెళ్లినవాళ్లు దాహం వేస్తే పొలంలోని బోరు నీళ్లే తాగుతారు. సెలవుల్లో పిల్లలూ వెంట వెళతారు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

చాట్‌బాట్‌కు మొదట ఇచ్చిన ప్రాంప్టు ఒకే వాక్యం: “తాగునీటి జాగ్రత్తల గురించి కరపత్రం రాయండి.” శుభ్రమైన తెలుగులో పేజీ నిండా వచ్చింది. కలరా, టైఫాయిడ్, చేతులు కడుక్కోవడం, నీళ్లు మరిగించి చల్లార్చి తాగడం. సూక్ష్మజీవుల విషయంలో మరిగించమనడం మంచి సలహాయే. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లకు మాత్రం అది పనికిరాదు సరికదా, నష్టం కూడా. మరిగిస్తే నీరు ఆవిరై పోతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. మిగిలిన నీళ్లలో దాని గాఢత పెరుగుతుంది. ఆ కాగితం మా ఊళ్లో చదివితే నమ్మి పాటించేవాళ్లు ఉంటారు. అది తలచుకుంటే నాకు భయం వేసింది.

అలా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే విషయం తేలికగానే అర్థమైంది. తాగునీరు, జాగ్రత్తలు అనే మాటలు ఉన్నచోట ఎక్కువగా ఏమి రాసి ఉంటుందో చాట్‌బాట్ అదే రాస్తుంది. మర్రిగూడ బోరు గురించి దానికి ఎవరూ చెప్పలేదు.

తరువాత పాత్ర చేర్చి చూశాను: “మీరు నీటి శుద్ధి నిపుణులు. ఫ్లోరైడ్ ఉన్న తాగునీటి గురించి కరపత్రం రాయండి.” ఈసారి ఫ్లోరైడ్ గురించే వచ్చింది గాని భాష బరువెక్కింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే ‘నల్లగొండ పద్ధతి’ని కూడా వివరించింది. మన జిల్లా పేరున్న ఆ పద్ధతి నిజమైనదే. కానీ మోతాదు నీటిని పరీక్షించి తేల్చాలి, పొలం గట్టున చేసే పని కాదు. నిపుణుడిని అడిగితే నిపుణుడి మాటలే వస్తాయి. అందుకే పాత్ర మార్చి, “గ్రామంలో తల్లులతో మాట్లాడే ఆరోగ్య కార్యకర్తగా రాయండి” అన్నాను. వాక్యాలు వెంటనే చిన్నవయ్యాయి, మాట దగ్గరయింది. పాత్ర గొంతును మారుస్తుంది. కొత్త నిజాలను మాత్రం తెచ్చిపెట్టదు. ప్రాంప్టులో ఉండే పాత్ర, సందర్భం, పని, రూపం అనే నాలుగు అంశాల్లో పాత్రకే ఎక్కువ ప్రచారం ఉంది గాని, నా పనిలో దాని వాటా చిన్నదే.

అసలు పని జరిగింది సందర్భం దగ్గర. కాగితం తీసుకుని, మా ఊరికి కొత్తగా వచ్చిన డాక్టరుకు ఏమేమి చెప్పాలో అవన్నీ రాసుకున్నాను. వినేది ఎవరు, ఏ నీళ్లు ఎక్కడ తాగుతున్నారు, వాళ్లు ఏమి నమ్ముతున్నారు. ఈ చివరిది ముఖ్యం. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్న పిల్లలను మా దగ్గర చాలామంది పళ్లు తోముకోవడం లేదని తిడతారు. ఆ మచ్చలు మురికి కాదు. చిన్న వయసులో చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే అధిక ఫ్లోరైడ్ పింగాణి పొరను దెబ్బతీస్తుంది. ఎంత తోమినా పోవు. ఈ సంగతి ప్రాంప్టులో పెట్టకపోతే కరపత్రంలోకి రాదు.

చేయవలసిన పని ఒక్కటే ఉంచాను. ఒకసారి కరపత్రంతోపాటు క్విజ్, పోస్టరు వాక్యాలు కూడా కలిపి అడిగితే మూడూ పలచబడ్డాయి.

రూపం దగ్గర ఇంకో సంగతి తెలిసింది. 150 పదాల్లో రాయమంటే లెక్క సరిగా కుదరదు. చాట్‌బాట్ వెనక ఉండే మోడళ్లు పాఠాన్ని పదాలుగా కాకుండా టోకెన్లు అనే ముక్కలుగా చూస్తాయి. తెలుగు పదం ఒక్కటే చాలా ముక్కలు కావచ్చు. పేరాలు ఎన్ని, ఒక్కో దానిలో వాక్యాలు ఎన్ని అని చెబితే చాలా వరకు కుదిరింది. వాటికంటే బాగా పనిచేసింది, నాకు కావలసిన ధోరణిలో ఒక వాక్యం నేనే రాసి నమూనాగా ఇవ్వడం. చివరికి నిలిచిన ప్రాంప్టు ఇది:

“మీరు గ్రామంలో తల్లిదండ్రులతో మాట్లాడే ఆరోగ్య కార్యకర్త.

సందర్భం: నల్లగొండ జిల్లాలోని ఒక గ్రామం. ఇళ్లకు నల్లా నీళ్లు వస్తాయి. పొలం పనికి వెళ్లినవాళ్లు, సెలవుల్లో పిల్లలు అక్కడి బోరు నీళ్లు తాగుతారు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని దాటింది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. పళ్ల మచ్చలు తోముకోకపోవడం వల్ల వచ్చాయని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు.

పని: పొలానికి ఇంటి నుంచే నల్లా నీళ్లు తీసుకెళ్లేలా ఒప్పించే కరపత్రం రాయండి. నేను ఇచ్చిన వివరాల్లో లేని సంఖ్యలు, చికిత్సలు చేర్చవద్దు.

రూపం: మూడు పేరాలు, ఒక్కో దానిలో నాలుగు చిన్న వాక్యాలు. శీర్షికలు, చుక్కల జాబితాలు వద్దు. గట్టిగా చదివితే మాట్లాడినట్టు ఉండాలి. నమూనా: ‘పొలానికి సద్ది కట్టుకున్నట్టే నీళ్లూ కట్టుకుపోదాం.’”

దీన్ని పాత సంభాషణ కింద కాకుండా కొత్త సంభాషణ తెరిచి పెట్టాను. పాతదానిలో అయితే ముందు చెప్పిన మాటలు కూడా లెక్కలోకి వస్తాయి. ప్రాంప్టు ఒక్కటే సరిపోతోందో లేదో తెలియదు. కొత్తదానిలోనూ మొదటి పేరా సద్దితోనే మొదలైంది, పళ్ల మచ్చల సంగతి రెండో పేరాలో పిల్లవాడిని తిట్టవద్దనే మాటగా వచ్చింది.

అయినా పెన్నుతో చదివాను. సంఖ్య కనిపించిన ప్రతిచోటా గీత గీసి, అది నేను ఇచ్చిందేనా అని చూశాను. లేని సంఖ్యలు చేర్చవద్దని చెప్పినా, ఒక విడతలో “నూటికి ఇంతమంది పిల్లలు” అంటూ ఎక్కడిదో తెలియని అంకె వచ్చింది. దాన్ని కొట్టేశాను. ఆ నిషేధ వాక్యం ఇలాంటివాటిని తగ్గిస్తుంది గాని పూర్తిగా ఆపలేదు. ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నాను. మచ్చలున్న పిల్లల పేర్లు, తరగతులు, ఫోటోలు ఏవీ ప్రాంప్టులో పెట్టలేదు. కరపత్రానికి వాటి అవసరం లేదు.

సమావేశంలో చదివి ముగించగానే వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ లేచి అడిగింది.

“సారూ, మా ఇంట్లో నీళ్ల ఫిల్టరుంది. బోరు నీళ్లు అందులో పోసి తాగితే కాదా?”

ఆమె చెప్పింది లోపల తెల్లటి క్యాండిల్ ఉండే ఫిల్టరు. అది మట్టిని, కొంతవరకు సూక్ష్మజీవులను ఆపుతుంది. కరిగి ఉన్న ఫ్లోరైడ్‌ను ఆపలేదు. ఆర్‌వో యంత్రం అయితే చాలా వరకు తీస్తుంది. అక్కడే జవాబు చెప్పాను. ఆ రాత్రి ప్రాంప్టులోని సందర్భం పేరాకు రెండు వాక్యాలు కలిపాను: “కొందరి ఇళ్లలో క్యాండిల్ ఫిల్టర్లున్నాయి, వాటితో బోరు నీళ్లు బాగవుతాయని అనుకుంటారు. క్యాండిల్ ఫిల్టరు ఫ్లోరైడ్‌ను తీయదు.” పక్క ఊరి పాఠశాలకు పంపింది ఆ కొత్త ప్రతినే, ప్రాంప్టుతో సహా. వాళ్ల నీళ్ల సంగతులు వాళ్లే రాసుకోవాలని సందర్భం పేరా కింద గీత గీసి ఇచ్చాను.