అమ్మ బీపీ: పొద్దుటి సగటు వేరు, సాయంత్రం సగటు వేరు

నెల్లూరు పొగతోటలో డాక్టరమ్మ దగ్గరికి అమ్మను తీసుకెళ్ళిన రోజు బీపీ 162/94 వచ్చింది. ఇక మాత్ర డోసు పెంచుతారని నాకు టెన్షన్ పట్టుకుంది. అమ్మకు అప్పటికే మధ్యాహ్నం అన్నం తిని లేచేటప్పుడు కళ్ళు తిరుగుతున్నాయి. ఒకసారి వంటింటి గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంకా పెంచితే పడిపోతుందేమోనని నా భయం.

ఈ సంగతి చెప్పాక డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున మాత్ర వేసుకున్నారా అమ్మా?" అని. వేసుకోలేదు. రక్తపరీక్ష ఉందని కావలిలో పరగడుపున రైలెక్కాం. టిఫిన్ తర్వాత వేసుకోవాల్సిన లోసార్టన్ 50 మాత్ర సంచిలోనే ఉండిపోయింది.

"ఈ ఒక్క నంబరు చూసి నేను మందు మార్చను. ఏడు రోజులు ఇంట్లో చూసి, సగటు కట్టి తీసుకురండి" అన్నారు ఆవిడ. ఎలా చూడాలో కూడా చెప్పారు. పొద్దున లేచి బాత్రూముకి వెళ్ళొచ్చాక, కాఫీకీ మాత్రకీ టిఫిన్‌కీ ముందు ఒకసారి. సాయంత్రం భోజనానికి ముందు ఒకసారి. ప్రతిసారీ అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి, రెండూ రాయాలి. మొదటి రోజు రాయాలి గానీ సగటులో కలపకూడదు. మిషన్ కొత్త, మనసులో కంగారు ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎక్కువ వచ్చే అవకాశం ఉందట. రెండు చేతులకూ ఆవిడే చూసి, కాస్త ఎక్కువ వచ్చిన కుడిచేతికే రోజూ చూడమన్నారు.

ఇంతేకదా అనుకున్నాను. మొదటి వారం లెక్క మొత్తం పారేయాల్సి వచ్చింది.

ఇంట్లో ఉన్న మిషన్ పట్టీ మీద 22–32 సెం.మీ. అని అచ్చు వేసి ఉంది. ఇన్నాళ్ళూ అది ఎవరమూ చదవలేదు. పట్టీ చుట్టాక మాటిమాటికీ ఊడిపోతుంటే అనుమానం వచ్చి, జాకెట్ కొలతల టేపు తెచ్చి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో కొలిచాను. 34 వచ్చింది. చేతికి చాలని పట్టీ వాడితే అసలు బీపీ కంటే ఎక్కువ చూపిస్తుంది. మందుల షాపులో అదే మిషన్‌కి సరిపోయే పెద్ద పట్టీ తెప్పించుకున్నాం. మార్చిన పూట వరసగా రెండు పట్టీలతోనూ చూస్తే, పెద్ద దానికి పై నంబరు 9 తక్కువ వచ్చింది.

రెండో తప్పు కనిపెట్టడానికి ఇంకా సమయం పట్టింది. పుస్తకంలో రాసేది నాన్న. ఒకరోజు మిషన్ మెమరీ నొక్కి చూస్తే 152, 147, 139 అని మూడున్నాయి. పుస్తకంలో మాత్రం 139 ఒక్కటే. అడిగితే, "మొదటివి ఎక్కువొచ్చాయమ్మా, అమ్మ భయపడుతుందని తగ్గేదాకా చూశా" అన్నారు. ఆయన ప్రేమతోనే చేశారు, నాకు తెలుసు. కానీ ఆ పుస్తకమే డాక్టర్ చేతికి వెళితే అమ్మకు తక్కువ మందు పడుతుంది. అప్పటినుంచి రెండంటే రెండే. ఏది వచ్చినా రాయడమే. రాత్రి నేను మెమరీతో సరిచూసేదాన్ని.

కూర్చునే పద్ధతి కూడా మార్చాం. అమ్మ మంచం మీద కాళ్ళు వేలాడేసి కూర్చుని, పక్కింటామెతో మాట్లాడుతూ చూపించుకునేది. ఇప్పుడు వీపు ఆనేలా కుర్చీ, రెండు పాదాలూ నేల మీద, చేయి బల్ల మీద దిండు వేసి గుండె ఎత్తులో, పట్టీ చీర, జాకెట్ మీద కాకుండా ఒంటికి. ఆ అయిదు నిమిషాలూ టీవీ ఆపేసేవాళ్ళం. "నాకేం లేదు మే, ఇంత హడావిడి ఎందుకు" అని రెండు రోజులు విసుక్కుంది గానీ తర్వాత తనే కుర్చీ లాక్కుని కూర్చునేది.

రెండో వారం సక్రమంగా జరిగింది. ఆదివారం తీసేసి, సోమవారం నుంచి శనివారం దాకా ఒక్కో పూట రెండు కొలతల సగటు రాస్తే, పొద్దున పై నంబర్లు 148, 144, 150, 146, 142, 146 వచ్చాయి. ఆరింటినీ కూడి ఆరుతో భాగిస్తే 146. కింది నంబర్ల సగటు 87. సాయంత్రాలు 128, 124, 130, 126, 122, 126. సగటు 126, కిందిది 76.

ఫోన్‌లో షీటు వాడేవాళ్ళకు ఇది ఇంకా తేలిక. పొద్దుటి పై నంబర్లు B2 నుంచి B15 దాకా పద్నాలుగూ వరసగా వేసి, మొదటి రోజువి రెండూ వదిలి `=AVERAGE(B4:B15)` అని రాస్తే చాలు. కింది నంబర్లకూ సాయంత్రానికీ వేరే వరసలు పెట్టుకోవాలి.

నేను అన్నీ కలిపేసి 136/82 అని ఒకే సగటు పెద్ద అక్షరాలతో రాశాను. ఇంట్లో చూసే బీపీకి 135/85 హద్దని డాక్టరమ్మ చెప్పారు కాబట్టి, కొంచెమే ఎక్కువ ఉందని సంతోషపడ్డాను. ఆవిడ ఆ అంకె చూసి, కాగితం తిప్పి పూటలవారీ లెక్క అడిగారు. 146కీ 126కీ కింద పెన్నుతో గీత గీశారు.

"ఇరవై తేడా ఉంది చూడు. పొద్దున ఎనిమిదింటికి వేసిన మాత్ర పగలంతా బాగా పట్టుకుంటోంది. మర్నాడు తెల్లవారేసరికి దాని బలం చాలడం లేదు. అమ్మ నా దగ్గరికి వచ్చింది సరిగ్గా ఆ టైములోనే, అదీ మాత్ర లేకుండా" అన్నారు. లోసార్టన్ కొందరికి ఇరవైనాలుగు గంటలూ నిలవదట. తర్వాత, మేం రాసుకున్న 'కళ్ళు తిరిగాయి' అనే గడి చూశారు. వారంలో మూడుసార్లు, మూడూ మధ్యాహ్నం రెండు ప్రాంతంలోనే. మందు గట్టిగా పనిచేసే వేళ, పైగా భోజనం చేసి లేచే వేళ. అక్కడే అమ్మను కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్ళీ చూశారు. నిలబడ్డాక బీపీ పెద్దగా తగ్గలేదు. గురక గురించీ రాత్రి తినే పచ్చళ్ళ గురించీ అడిగారు.

డోసు పెంచలేదు. అదే 50ని రెండుగా చేసి పొద్దున 25, రాత్రి 25 వేయమని చీటీ రాశారు. ఎవరి మాత్ర వాళ్ళు ఇలా విరిచి వేసుకోకూడదు, కొన్ని మాత్రలు విరవకూడనివి ఉంటాయి. ఇంకొక మాట కూడా చెప్పారు. ఎప్పుడైనా 180/120 దాటితే కాసేపు కూర్చుని మళ్ళీ చూడాలి. దానితోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం, కాలూచేయీ పట్టు తప్పడం ఉంటే పుస్తకం పక్కన పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

మందు మార్చిన రెండు వారాలకు మళ్ళీ ఏడు రోజులు చూశాం. పొద్దున సగటు 134/82, సాయంత్రం 128/77. కళ్ళు తిరగడం ఆ వారంలో ఒక్కసారి కూడా రాయాల్సిన పని పడలేదు. ఈసారి రెండు సగటులనూ పక్కపక్కనే రాసి, మొత్తం సగటును కింద చిన్నగా వేశాను.