గానుగ అంగడికి ఏడాది నిండిన రోజు ఏం రాశానంటే

అనంతపురంలో మా గానుగ అంగడి తెరిచి ఏడాది కాబోతోందని గుర్తు చేసింది మా పాప. ఏదైనా రాసి తలుపుకు అంటిద్దాం, ఫోన్లో కూడా పంపిద్దాం అంది. పది నిమిషాల్లో రాసేశాను. "మీ అందరి ఆదరాభిమానాలతో మా అంగడి మొదటి వార్షికోత్సవం జరుపుకుంటోంది. ఈ సందర్భంగా లీటరు నూనె మీద 20 రూపాయల తగ్గింపు. మూడు రోజులే. మీ బంధుమిత్రులకు కూడా చెప్పండి. మీ ఆదరణ ఇట్లే కొనసాగాలని కోరుకుంటూ..." అని.

పాప చదివి, "దీంట్లో థాంక్స్ యాడుంది మా?" అంది.

నాకు కోపం వచ్చింది. కానీ రాత్రి మళ్ళీ చదివితే దాని మాటే నిజం. కొనేవాళ్ళు మాకోసం ఏం చేశారో ఒక్క ముక్క లేదు. ఇకమీదట ఏం చేయాలో మాత్రం వరుసగా ఉంది: కొనండి, మూడు రోజుల్లో రండి, నలుగురికి చెప్పండి, ఇట్లే కొనసాగండి. ఒక మనిషి మేలు చేసినాక ఆయన చేతులు పట్టుకుని మళ్ళీ చేయి చాపినట్టుంది.

ఆ కాగితం పక్కన పెట్టి, ఈసారి ఖాతా నోటుబుక్కు తీశాను. ఎవరు ఎంత కొన్నారని కాదు, ఏ రోజు ఏం జరిగిందని గుర్తు చేసుకోవడానికి. అమ్మకం లెక్కల పక్కన నేను చిన్న చిన్నవి రాసుకుంటుంటాను. మూడో వారంలో ఒకచోట "సీసా వెనక్కి" అని ఉంది.

అది మర్చిపోయే రోజు కాదు. ఒక రిటైర్డ్ టీచరమ్మ లీటరు చెనిక్కాయ నూనె తీసుకుపోయి, మరుసటి రోజు అదే సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున వేలెడు మందం మడ్డి. వడలు వేస్తే నూనె నురగలు కక్కి బాండలి దాటి పొంగిందంట. డబ్బు తిరిగి ఇస్తానన్నాను. ఆమె వద్దని, "ఎన్ని దినాలు తేరనిస్తున్నావు పాపా?" అని అడిగింది. ఒక రాత్రి అని చెప్పాను. "చాలదు. గానుగ నుంచి దిగిన నూనెలో పప్పు పొడీ ఉంటుంది, తడీ ఉంటుంది. అవి అడుక్కి దిగాల కదా" అంది.

అప్పటిదాకా నూనె ఎంత తొందరగా సీసాలోకి ఎక్కితే అంత తాజా అనుకునేదాన్ని. రెండు కిలోల పైచిలుకు పప్పు ఆడితే గాని లీటరు నూనె రాదు. పప్పుకు పెట్టిన డబ్బు వెంటనే తిరిగి రావాలన్న ఆత్రం కూడా ఉండేది. ఆమె చెప్పినాక రెండు స్టీలు డ్రమ్ములు అదనంగా కొన్నాను. కదలకుండా పెట్టి, పైన తేరిన నూనె మటుకే గుడ్డలో వడగట్టడం మొదలుపెట్టాను. అడుగు మడ్డి సీసాలోకి పోనీయను. ఆ తర్వాత పొంగుతోందని ఎవరూ సీసా వెనక్కి తేలేదు. ఆ రోజు ఆమె సీసా మూలన పడేసి వేరే అంగడికి పోయుంటే నా తప్పు నాకు తెలిసేదే కాదు. నేను కృతజ్ఞత చెప్పాల్సింది ఆ లీటరు కొన్నందుకు కాదు, వెనక్కి తెచ్చినందుకు.

ఇది దొరికినాక మిగతావి వాటంతటవే వచ్చాయి. వానాకాలంలో ఒక సాయంత్రం గానుగ నడుస్తుండగా కరెంటు పోయింది. రోట్లో పిండి చల్లారి రోకలి చుట్టూ చెక్క గట్టిపడితే, కరెంటు వచ్చినా మోటారు తిప్పలేక ఆగిపోతుంది. నూనె కోసం నిలబడిన ముగ్గురు చేతి సంచులు కింద పెట్టి, నాతో పాటు రోలు ఖాళీ చేశారు. ఇంకొక పెద్దాయన ప్రతి శనివారం దీపానికి పావు లీటరు నువ్వుల నూనె తీసుకుంటారు. ఒకసారి సందడిలో కొలత దాటి పోశాను. ఆయన ఇంటికి పోయి చూసుకుని, తిరిగి వచ్చి, ఎక్కువైన నూనె మా గిన్నెలో ఒంపి పోయారు.

ఎవరిని రాయకూడదు అన్న దగ్గరే చాలాసేపు ఆగాను. పెళ్ళి వంటలకు డబ్బాల లెక్కన తీసుకుపోయే ఒకాయన ఉన్నారు. మా పప్పు కొనుగోలులో చాలా భాగం ఆయన వల్లే నడుస్తోంది. "ఎక్కువ కొన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు" అని రాస్తే, పావు లీటరు కోసం వచ్చేవాళ్ళు తలుపు దగ్గర అది చదివి ఏమనుకుంటారు? ఆయనకు ఫోన్ చేసి నోటితోనే చెప్పాను. అప్పు ఖాతా ఉన్నవాళ్ళను కూడా రాయలేదు. మంచిదే రాసినా, బాకీ ఉన్న మనిషికి అది గుర్తు చేసినట్టే తగులుతుంది.

పేర్లు ముందునుంచే వద్దనుకున్నాను. కానీ మా వీధిలో "శనివారం దీపం నూనె" అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఆయన్నే అడిగాను. "రాసుకోమ్మా, దీపం మాట తీసేయి, అది నాకూ దేవుడికీ మధ్యది" అన్నారు. తీసేశాను.

నూనె గుండెకు మంచిది, కల్తీ లేనిది అని ఒక వాక్యం మిగిలి ఉండింది. కృతజ్ఞతలో మా సరుకు గొప్ప చెప్పుకోవడం అతకలేదు, కొట్టేశాను. ధర, ఫోన్ నంబరు బోర్డు మీద ఉన్నాయి కదా, అవీ పోయాయి. తగ్గింపు ఇవ్వాలనిపిస్తే వేరే నెలలో వేరే కాగితం మీద ఇస్తాను. చివరికి మిగిలింది ఇది:

"ఈ గానుగకు నేటితో ఏడాది. మూడో వారంలో ఒక అమ్మ నూనె పొంగుతోందని సీసా వెనక్కి తెచ్చి, నాలుగు దినాలు తేరనివ్వమని నేర్పింది. అప్పటినుంచి అట్లే అమ్ముతున్నాం. కరెంటు పోయిన సాయంత్రం ముగ్గురు మాతో కలిసి రోలు ఖాళీ చేశారు. ఎక్కువ పోసిన నూనెను ఒక పెద్దాయన తిరిగి తెచ్చి ఇచ్చారు. ఇవన్నీ మాకు గుర్తున్నాయి. మీకు మా నమస్కారం."

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే అందుతుంది. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది చేసుకోలేదు. అందుకని పాప చేత లావు స్కెచ్ పెన్నుతో డ్రాయింగ్ చార్టు మీద రాయించి, నిలబడి చదివే ఎత్తులో తలుపుకు అంటించాం.

టీచరమ్మ రెండో రోజు వచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. నా వైపు తిరిగి, "నేను చెప్పింది మూడు దినాలు పాపా. నాలుగో దినం నువ్వే పెట్టుకున్నావు. సరిగ్గా రాయి" అంది.

పెన్ను తెచ్చి, ఆమె చూస్తుండగానే "నాలుగు" కొట్టేసి పైన "మూడు" అని దిద్దాను. ఫోన్లో కూడా దిద్ది మళ్ళీ పంపాను. చార్టు మీద ఆ కొట్టివేత అట్లే ఉంది.