అమ్మ వంటింటి గ్యాస్ అలారం: సెన్సర్‌ను కాచి, కొలత సరిచేసిన నా అనుభవం

అమలాపురం దగ్గర మా ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. వయసుతో పాటు ఆమెకు వాసన పట్టే శక్తి తగ్గింది. గ్యాస్‌లో కలిపే మెర్‌కాప్టాన్ ఘాటు ఆమెకు తెలియడం లేదని గమనించిన తరువాత, గ్యాస్‌ను పసిగట్టే ఎంక్యూ-6 సెన్సరు, ప్రోగ్రాం నడిపే ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు, ఒక బజరు కలిపి వంటింట్లో అలారం ఒకటి అమర్చాను. నెల తిరగకుండానే అమ్మ దాని ప్లగ్గు తీసి పక్కన పెట్టింది. ‘‘కరెంటు వచ్చినప్పుడల్లా కూస్తోందిరా, నిజంగా గ్యాస్ కారినా నేను పట్టించుకునేలా లేను’’ అని ఆమె చెప్పినప్పుడు తప్పు నా పనిలోనే ఉందని అర్థమైంది. ఆ తప్పును సరిదిద్దడానికి మొత్తం మీద రెండు వారాలు పట్టింది.

ముందుగా ఈ సెన్సరు ఎలా పనిచేస్తుందో చెప్పాలి. దీని లోపల టిన్ ఆక్సైడ్ పూత ఉన్న చిన్న గొట్టం ఉంటుంది. గొట్టం మధ్యలో ఉన్న హీటరు తీగ ఐదు వోల్టుల మీద దాన్ని నిరంతరం వేడిగా ఉంచుతుంది. శుభ్రమైన గాలిలో ఆ పూత నిరోధం ఎక్కువగా ఉంటుంది, ఎల్పీజీ తగిలితే తగ్గుతుంది. నిరోధం తగ్గితే బోర్డు నుంచి వచ్చే వోల్టేజి పెరుగుతుంది, మనం చదివేది దానినే. అయితే చల్లబడి, గాలిలోని తేమను పీల్చుకున్న పూతకు కరెంటు ఇచ్చిన మొదటి నిమిషాలలో కూడా నిరోధం బాగా తక్కువగానే ఉంటుంది. అంటే చల్లని సెన్సరు, గ్యాస్ తగిలిన సెన్సరు మొదట్లో ఒకే మాట చెబుతాయి. వానాకాలంలో రోజుకు రెండు మూడు సార్లు కరెంటు పోయి వచ్చే మా ఊళ్లో అమ్మ విన్న కూతలన్నీ దాదాపు ఇవే.

దీనికి నేను మొదట చేసిన మరమ్మతు అసలు తప్పు కంటే ప్రమాదకరమైనది. పరికరం ఆన్ అయిన పది సెకన్లకు వచ్చిన రీడింగునే శుభ్రమైన గాలి కొలతగా తీసుకుని, దానితో పోల్చి గ్యాస్‌ను గుర్తించేలా ప్రోగ్రాం మార్చాను. కూతలు పూర్తిగా ఆగిపోయాయి. నాలుగు రోజుల తరువాత పరీక్షగా లైటరు నుంచి మంట లేకుండా కొద్దిగా గ్యాస్ వదిలితే అలారం మోగలేదు. చల్లగా ఉన్నప్పటి అతి తక్కువ నిరోధాన్నే అది మంచి గాలికి గుర్తుగా పెట్టుకున్నది కనుక, ఆ తరువాత ఎంత గ్యాస్ వచ్చినా దానికి మంచి గాలిలాగే కనిపించింది. ఇలా ప్రతిసారీ ఆన్ అయినప్పుడు తనంతట తానే కొలత తీసుకునే ప్రోగ్రాములు చాలా మంది వాడుతున్నారు. బల్ల మీద ప్రయోగానికి అవి సరిపోవచ్చు గానీ, కరెంటు నిలకడగా ఉండని ఇంటి వంటగదిలో వాటిని పెట్టకూడదని నేను గట్టిగా చెబుతాను.

అప్పుడు పని మొదటి నుంచి ప్రారంభించాను. అన్నిటికంటే ముందు మార్చవలసి వచ్చింది బోర్డు మీది లోడు నిరోధాన్ని, అంటే సెన్సరుతో వరుసలో ఉండి వోల్టేజిని పంచుకునే రెసిస్టరును. నేను కొన్న బోర్డులో 102 అని ముద్రించిన చిన్న రెసిస్టరు, అంటే ఒక కిలో ఓము, ఉంది. ఈ సెన్సరు తయారీదారుల పత్రంలో సూచించినది 20 కిలో ఓములు. నా సెన్సరు నిరోధం మంచి గాలిలో దాదాపు 177 కిలో ఓములు కనుక, ఒక కిలో ఓముతో ఆర్డుయినో చూపే అంకె 5 లేదా 6 మాత్రమే. 1023 వరకు ఉన్న కొలబద్దలో అంత అడుగున ఒక్క అంకె అటూ ఇటూ అయినా లెక్క ఐదో వంతు మారిపోతుంది. ఆ రెసిస్టరును ఊడదీసి, రెండు 10 కిలో ఓముల రెసిస్టర్లను వరుసగా కలిపి టంకం పెట్టాను. దానితో మంచి గాలి అంకె 104 దగ్గరకు వచ్చింది. ఇదే సమయంలో మల్టీమీటరుతో హీటరు కాళ్ల దగ్గర వోల్టేజి చూస్తే 4.6 మాత్రమే ఉంది, సన్నని పొడవాటి యూఎస్‌బీ తీగ మిగిలినది తినేస్తోంది. హీటరు ఒక్కటే దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. తీగను పొట్టిగా, లావుగా ఉన్నదానితో మార్చిన తరువాత వోల్టేజి 4.95 దగ్గర నిలిచింది. హీటరు వోల్టేజి స్థిరంగా లేకుండా చేసిన కొలత ఏదీ నిలబడదు.

తరువాతది కాచడం. కొత్త సెన్సరును కనీసం 24 గంటలు కరెంటు మీద ఉంచాలని తయారీదారుల పత్రం చెబుతుంది. నేను దాన్ని వంటింట్లో కాకుండా ముందు వసారాలో ఉంచాను. వంటింట్లో సన్నగా గ్యాస్ కారుతూ ఉంటే ఆ గాలినే మంచి గాలిగా నమ్మే ప్రమాదం ఉంది. మొదటి నిమిషంలో అంకె 700, పది నిమిషాలకు 260, ఒక రోజుకు 131, రెండు రోజులకు 108, మూడో రోజుకు 104. నాలుగో రోజు కూడా 103, 104 మధ్యనే ఉండడంతో అది నిలిచిందని నిర్ణయించుకున్నాను. 24 గంటలకే కొలత ముగించి ఉంటే నా లెక్క దాదాపు పాతిక శాతం తప్పేది. అందుకే గడియారాన్ని కాక అంకెను నమ్మాలని చెబుతాను: వరుసగా రెండు రోజులు ఒకే వేళకు చూసిన అంకె కదలకుండా ఉంటేనే కాగినట్టు. వసారాలో కొలవడం వల్ల ఇంకొక మేలు కూడా కలిగింది. కోనసీమ గాలిలో ఎప్పుడూ ఉండే తేమ ఆ కొలతలోనే కలిసిపోయింది. తేమ పెరిగితే ఈ పూత నిరోధం తగ్గుతుంది కనుక, ఏసీ గదిలో కొలత తీసి ఇక్కడ పెట్టినవారికి ఆ తేడా అంతా దొంగ కూతల వైపే మొగ్గుతుంది.

ఇక ఎంత గ్యాస్‌కు ఎంత అంకె వస్తుందో తెలియాలి. ఎల్పీజీ గాలిలో దాదాపు 1.8 శాతం, అంటే 18,000 పీపీఎం, చేరితే అంటుకోగలదు. అందులో పదో వంతు, 1,800 పీపీఎం దగ్గర తప్పనిసరిగా, వెంటనే మోగాలని నా నిర్ణయం. కొలవడానికి ఖాళీ 20 లీటర్ల మంచినీళ్ల టిన్ను తీసుకుని బాగా ఆరబెట్టాను. సెన్సరును, గాలి కలపడానికి మూడు సెంటీమీటర్ల బ్రష్‌లెస్ ఫ్యానును మూతి గుండా లోపలికి దింపి, తీగలు బయటకు వచ్చేలా మూతిని పాలిథీన్ కాగితంతో కట్టాను. ఇరవై లీటర్లలో 20 మిల్లీ లీటర్ల గ్యాస్ 1,000 పీపీఎం అవుతుంది, 36 మిల్లీ లీటర్లు 1,800 అవుతుంది. చక్రం తీసేసిన లైటరు నుంచి చిన్న రబ్బరు గొట్టంతో 60 మిల్లీ లీటర్ల సిరంజిలోకి గ్యాస్ నింపి, అది గది వేడికి, మామూలు ఒత్తిడికి వచ్చేలా ఒక నిమిషం ఆగి, కావలసినంత ఉంచి మిగిలినది బయటకు వదిలాను. లైటరులో ఉండేది ప్రధానంగా బ్యూటేన్. మన సిలిండరులోది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం కనుక ఇది అచ్చంగా అదే కాదు గానీ, ఇంటి కొలతకు సరిపోయేంత దగ్గర. ఈ పనంతా పెరట్లో, ఎండలో, పొయ్యికీ సిగరెట్టుకూ దూరంగా చేశాను. ఇలా కొలిచేవారు లెక్కించిన 36 మిల్లీ లీటర్లను దాటి ఒక్కసారి కూడా ఎక్కించవద్దు.

1,000 పీపీఎం వద్ద అంకె 470 దగ్గర నిలిచింది, అంటే నిరోధం 23.5 కిలో ఓములు. మంచి గాలిలోని 177తో భాగిస్తే 0.133. 1,800 వద్ద అంకె 533, నిష్పత్తి 0.104. టిన్నును విప్పి, గాలి పోయించి మూడుసార్లు చేస్తే అంకెలు పది పదిహేను లోపు తేడాతో అక్కడక్కడే వచ్చాయి. మంచి గాలి నిరోధాన్ని ఈసారి ఈఈప్రామ్‌లో శాశ్వతంగా రాసి పెట్టాను, కరెంటు ఎన్నిసార్లు పోయినా అది మారదు. మిగిలిన తర్కం ఇంతే:

```cpp
float rs = 20.0 * (1023 - a) / a;
float r  = rs / rAir;
if (r >= 0.133) t0 = millis();
bool alarm = warm && (r < 0.104 ||
             millis() - t0 > 20000UL);
```

ఇందులో `a` ఆర్డుయినో చదివిన అంకె, `rAir` మంచి గాలి నిరోధం. నిష్పత్తి 0.104 కంటే తగ్గితే వెంటనే, 0.133 కంటే తక్కువగా 20 సెకన్లకు పైగా ఉన్నా కూస్తుంది. `warm` అనేది కరెంటు వచ్చిన తరువాత కనీసం ఐదు నిమిషాలు గడిచి, చివరి నిమిషంలో అంకె రెండు శాతం కంటే ఎక్కువ కదలనప్పుడు నిజమవుతుంది. అయితే పది నిమిషాలు దాటితే అంకె కదులుతున్నా తీర్పు మొదలు కావాలని పెట్టాను. లేకపోతే గ్యాస్ పెరుగుతున్న గదిలో అది కాగడం కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. రోజుల తరబడి చల్లబడి ఉన్న సెన్సరుకు కూడా పదో నిమిషంలో అంకె 260 అని ముందే చూశాను. ఆ నిష్పత్తి 0.33 కనుక అక్కడ దొంగ కూత రాదు. ఆ పది నిమిషాలు పసుపు దీపం వెలుగుతుంది, అంత వరకు అలారం కాపలా ఉండదని అమ్మకు చెప్పాను. ఆ ఖాళీ కూడా తగ్గాలని ఐదు వోల్టులు ఇచ్చే రౌటరు యూపీఎస్ ఒకటి తగిలించాను. అంకె 30 కంటే దిగువకు పడితే హీటరో తీగో పోయినట్టు, దానికి వేరే రకం కూత.

అలారం స్థానం కూడా మార్చాను. ఎల్పీజీ గాలి కంటే బరువైనది కనుక కిందికి దిగుతుంది. సిలిండరు ఉన్న మూలకు ఒక మీటరున్నర దూరంలో, నేలకు అడుగు ఎత్తున గోడకు బిగించాను. ఇంతకు ముందు గట్టు మీద పొయ్యి పక్కనే పెట్టడం వల్ల తాలింపు పొగ నేరుగా తగిలేది. పైపు గ్యాస్ ఉన్న ఇళ్లలో ఇది తలకిందులు: అది మీథేన్, పైకి లేస్తుంది, దానికి ఈ సెన్సరు కాక ఎంక్యూ-4 పెట్టి కప్పుకు దగ్గరగా బిగించాలి.

తరువాత వారం రోజులు అమ్మ వంటను అంకెల్లో చూశాను. అన్నం వార్చేటప్పుడు ఆవిరికి 150, చేపల ఇగురు రోజు తాలింపుకు 190. దీపాల కుందులు తుడవడానికి అమ్మ స్పిరిట్ సీసా తెరిచినప్పుడు 330 వరకు లేచి అర నిమిషంలో దిగిపోయింది, నిష్పత్తి 0.24. వీటిలో ఏదీ హద్దును తాకలేదు. ఒక్క బొద్దింకల స్ప్రే మాత్రం సింకు కింద కొట్టినప్పుడు అలారం మోగించింది. అలాంటి స్ప్రే డబ్బాలలో చాలావాటిలో మందును బయటకు నెట్టేది ఎల్పీజీయే కనుక దానిని దొంగ కూతగా నేను లెక్కించను, దానికోసం హద్దు మార్చలేదు. స్ప్రే కొట్టే రోజు తలుపులు తెరిచి ఉంచమని అమ్మకు చెప్పాను.

అలారానికి ఎగ్జాస్ట్ ఫ్యానును కలపమని మా పిన్ని కొడుకు సలహా ఇచ్చాడు గానీ, గ్యాస్ నిండిన గదిలో ఆ స్విచ్చు రవ్వే నిప్పు అవుతుంది కనుక ఒప్పుకోలేదు. మోగితే స్విచ్చులేవీ ముట్టుకోకుండా రెగ్యులేటరు ఆపి, తలుపులు తీసి, బయటకు వెళ్లి 1906కు ఫోన్ చేయాలని పెట్టె మీదే తెలుగులో రాసి అంటించాను. మంచి గాలి అంకె 104, కొలిచిన తేదీ కూడా దాని కిందే ఉన్నాయి. మూడు నెలలకొకసారి వసారాలో ఒక పూట ఉంచి అంకె చూస్తున్నాను. మొన్న అది 109 చూపింది. ఈ మార్పు చిన్నదే కనుక ఈఈప్రామ్‌లో రాసినది తాకలేదు, 120 దాటితే మళ్లీ టిన్నుతో కొలుస్తాను. కొత్త సిలిండరు బిగించిన ప్రతిసారీ, పొయ్యి వెలిగించకముందు, అమ్మ చక్రం లేని ఆ లైటరును సెన్సరు ముందు మూడు సెకన్లు నొక్కి, అది కూసిందని నాకు ఫోన్ చేస్తోంది.